బారలు ఎన్ని, బార ఎంత?

విజయవాడలో కాలువగట్టు మీద పెరిగిన మాబోటివాళ్లకి ఈతంటే బారలు వేయడమే. ఏలూరు కాలువలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఎవడు తక్కువ బారల్లో చేరితే వాడు మొనగాడు. ఎవడు ముందు చేరాడన్నది వేరే పందెం. ఈ రెండు పందేలూ ఒకటి కాదని నాకు అర్థమైంది మాత్రం నలభై ఏళ్లు దాటాక, స్విమ్మింగ్ పూల్‌లో, ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారి పుణ్యాన.

ఆయన రోజూ ఉదయం ఆరింటికి వస్తారు. 25 మీటర్ల పూల్. ఫ్రీస్టైల్‌లో ఒక చివర నుంచి ఇంకో చివరకి 22 బారలు, 28 సెకన్లు. ఒక చెయ్యి ఒకసారి వేస్తే ఒక బార అని ఆయన లెక్క. ఇది ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే చేతికి కట్టుకునే స్మార్ట్ వాచ్‌లు చాలావరకు ఆ ఒక్క చేతినే లెక్కపెట్టి 11 అని చూపిస్తాయి. ఒకరు 11 అని, ఒకరు 22 అని పోల్చుకుని బాధపడటం మా పూల్‌లో రోజూ ఉండేదే.

మాస్టారు గోడను తన్ని బయల్దేరితే మొదటి 5 మీటర్లు చేతులు కదపకుండానే వెళ్తారు. దానికి 3 సెకన్లు. అంటే నిజంగా ఈదింది 20 మీటర్లు, 25 సెకన్లలో. 20ని 22తో భాగిస్తే బారకి 91 సెంటీమీటర్లు. 22 బారలు 25 సెకన్లలో అంటే నిమిషానికి 53. రెండూ గుణించి 60తో భాగిస్తే సెకనుకి 80 సెంటీమీటర్లు, అదే ఆయన వేగం. బార పొడవుని బారల జోరుతో గుణిస్తే వేగం వస్తుంది. ఇందులో వాదనకేమీ లేదు, ఐదో తరగతి లెక్క.

తిరకాసు ఎక్కడంటే, కాగితం మీద ఒక అంకెను అలాగే ఉంచి రెండోది పెంచొచ్చు. నీళ్లలో అలా కుదరదు. ఒకటి పెరిగితే రెండోది తగ్గడానికే చూస్తుంది.

మాస్టారు మొదట బారల సంఖ్య తగ్గించే పనిలో పడ్డారు. ఒక చెయ్యి ముందుకు చాచి, కాసేపు తేలి, అప్పుడు రెండో చెయ్యి. 22 కాస్తా 18కి దిగింది. బార పొడవు 1.11 మీటర్లు అయింది. ఆయన ముఖం వెలిగిపోయింది. తీరా స్టాప్‌వాచ్ చూస్తే 30 సెకన్లు! జోరు నిమిషానికి 40కి పడిపోయింది, వేగం సెకనుకి 74 సెంటీమీటర్లే.

కారణం నీళ్ల నిరోధం. చెయ్యి తోయడం ఆగిన క్షణం నుంచే ఒంటి వేగం తగ్గిపోతుంది. తర్వాతి బార సగం బలం ఆ పోయిన వేగాన్ని తిరిగి తెచ్చుకోవడానికే సరిపోతుంది. ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడిపే బండి పెట్రోలు ఎక్కువ తాగినట్టే.

ఇంకో మోసం కూడా ఉంది. బారల్నీ సెకన్లనీ కలిపి స్వోల్ఫ్ అని ఒక స్కోరు వేస్తారు, గోల్ఫ్‌లోలాగా తక్కువ వస్తే మంచిదంటారు. మాస్టారి పాత స్కోరు 22కి 28 కలిపితే 50. కొత్తది 18కి 30 కలిపితే 48. అంటే ఆయన నెమ్మదించినా స్కోరు మాత్రం మెరుగుపడింది! గోడను ఇంకో మీటరు గట్టిగా తన్నినా బారలు ఒకటి తగ్గుతాయి, ఈతలో మార్పేమీ ఉండదు. కాబట్టి ఆ స్కోరుని ఒంటరిగా నమ్మకూడదని నా అభిప్రాయం.

"అయితే చేతులు గబగబా వేస్తా చూడండి" అన్నారు మాస్టారు. నిమిషానికి 70 బారలు. 28 బారల్లో, 27 సెకన్లకి గోడ అందుకున్నారు. ఒక్క సెకను లాభం. గట్టు పట్టుకుని రెండు నిమిషాలు రొప్పారు.

బార పొడవు 71 సెంటీమీటర్లకి పడిపోయింది మరి. తొందరలో చెయ్యి నీళ్లను పట్టుకోదు. మోచెయ్యి కిందకి జారుతుంది, అరచెయ్యి నీటిని వెనక్కి తోయకుండా కిందకి నొక్కుతుంది, తొడ దాకా రావాల్సిన తోపు నడుం దగ్గరే ఆగిపోతుంది. తెడ్డుని పలక వైపు కాకుండా అంచు వైపు తిప్పి వేసినట్టన్నమాట. దీనికి తోడు నిరోధం దాదాపు వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని దాటడానికి కావలసిన శక్తి ఘనంతో పెరుగుతుంది. 80 నుంచి 83కి, అంటే 4 శాతం వేగానికి, ఒంటిని ముందుకు నెట్టడానికే సుమారు 13 శాతం శక్తి ఎక్కువ కావాలి. చేతుల్ని ఊరికే ఆడించడానికి పోయేది దీనికి అదనం.

క్రెయిగ్, పెండర్‌గాస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 1979లో ప్రచురించిన కొలతల్లో కనబడింది కూడా ఇదే. ఈతగాళ్లు వేగం పెంచాల్సి వస్తే జోరు పెంచుతారు, బార పొడవు కొంత వదులుకుంటారు. పొడవు తగ్గుదల కంటే జోరు పెరుగుదల ఎక్కువగా ఉన్నంతవరకు అది లాభమే. అందుకే 50 మీటర్ల పోటీలో చేతులు చక్రాల్లా తిరుగుతాయి. 400 మీటర్లకి అంత ఖర్చు ఎవరూ భరించలేరు.

అలాగని అందరికీ ఒకే పాళ్లు ఉండవు. 1992, 1996 ఒలింపిక్స్‌లో 50, 100 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచిన పొడగరి అలెగ్జాండర్ పోపోవ్‌ది పొడవాటి బార. 1988లో సియోల్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన జానెట్ ఎవాన్స్ పొట్టిగా, సన్నగా ఉండేది. ఆమె చేతులు గాలిమర రెక్కల్లా తిరిగేవి. అలలున్న నీళ్లలోనూ తేలుతూ ఆగడం కుదరదు, అల వచ్చి ఉన్న వేగాన్ని కాస్తా తినేస్తుంది. అక్కడ పొట్టి బారలే నయం. (మా చిన్నప్పటి పందెంలో ఇంకో దొంగాట ఉంది. ప్రవాహం వెంట ఏటవాలుగా కొట్టుకుపోయి "చూడరా, బారకి ఎంత దూరం వెళ్లానో" అనేవాళ్లం. ఆ దూరంలో సగం కాలువది.)

మాస్టారి దగ్గరికి వస్తే, కోచ్ ఆయన్ని బారలు లెక్కపెట్టడం మానేయమన్నాడు. "మాస్టారూ, ముందు తల దించండి" అన్నాడు. ఎదుటి గోడ చూస్తూ ఈదుతుంటే కాళ్లు కిందకి దిగిపోయి, ఒళ్లు నీటికి అడ్డంగా పడుతోంది. చూపు పూల్ అడుగుకి మార్చగానే నడుం పైకి తేలింది. తర్వాత కొన్ని రోజులు పిడికిలి బిగించి ఈదించాడు. అరచెయ్యి లేకపోయేసరికి ముంజేతితో నీళ్లను పట్టుకోవడం తెలిసొచ్చింది.

ఆ తర్వాత టోపీలో పెట్టుకునే చిన్న బీప్ యంత్రం ఇచ్చాడు. 1.2 సెకన్లకోసారి బీప్, బీప్‌కో బార. అంటే జోరు నిమిషానికి 50 దగ్గర కట్టేశాడన్నమాట. ఇక వేగం పెరగాలంటే బార పొడవే పెరగాలి, మధ్యలో తేలుతూ ఆగే వీలు లేదు. రెండు నెలలకి 20 బారలు, 27 సెకన్లు. బారకి సరిగ్గా మీటరు. అప్పుడు 28 బారలతో రొప్పుతూ తెచ్చుకున్న టైమే ఇది, ఎనిమిది బారలు తక్కువతో.

ఇప్పుడు ఆయన 400 మీటర్లు, అంటే పదహారు లెంగ్త్‌లు ఈదుతున్నారు. మొదటి తొమ్మిదీ 20 బారలే. పదో దాంట్లో 21, పన్నెండుకి 23. బీప్ మారలేదు, బార పొట్టిదైంది. అలసటకి మోచెయ్యి మళ్లీ జారుతోంది. 22 దాటిన చోట ఆయన ఆగి, గోడ పట్టుకుని ఇరవై సెకన్లు లెక్కపెట్టుకుంటారు. మొన్న పదమూడో లెంగ్త్ దాకా ఆగలేదు.