చెత్తబండి రాని రోజు: ఒక అర్జీ వెనుక పాతికేళ్ల కథ

గోదావరి డెల్టాలో ఏ పురపాలక పట్టణమైనా, కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి కమిషనరుకు పెట్టే అర్జీ దాదాపు ఒకే మాదిరిగా ఉంటుంది: "మా కాలనీకి చెత్తబండి సక్రమంగా రావడం లేదు. రోజూ వచ్చేలా చూడగలరని మనవి." ఇందులో బరువంతా 'సక్రమంగా' అన్న మాట మీదే ఉంది.

వీధి చివర సిమెంటు కుండీ ఉన్న రోజుల్లో బండి రెండు రోజులు రాకపోయినా ఇంట్లో చెత్త ఆగేది కాదు. కుండీ పొర్లేది, కుక్కలూ పందులూ లాగేవి, కంపు పక్కింటివాళ్లు భరించేవారు. నగరాల చెత్తపై 1996లో పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ వ్యాజ్యం నడుస్తుండగానే 2000లో కేంద్రం పురపాలక ఘన వ్యర్థాల నిబంధనలు తెచ్చి, ఇంటింటి సేకరణను పురపాలికల పనిగా చేసింది. 2016 నిబంధనలు తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరు చేయాలన్నాయి. ఆ పనిలో నివాసుల సంఘాలకూ బాధ్యత పెట్టాయి. చెత్త సేకరణకు రుసుము వసూలు చేయడానికి దారి కూడా అక్కడే పడింది. ఈలోగా వీధి కుండీలు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. కుండీ లేని వీధికి బండే దిక్కు. అది తప్పిన రోజు సంచి మురుగుకాలువలోకో పంటకాలువ గట్టుకో చేరుతుంది.

2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్, పొట్టిగా 'క్లాప్', పేరుతో రాష్ట్రమంతటా నాలుగు వేలకు పైగా చెత్త వాహనాలు రోడ్డెక్కాయి. ఇంటికి ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు వచ్చాయి. వాటి వెంటే నెలవారీ రుసుమూ వచ్చింది. జనం దానికి పెట్టిన పేరు 'చెత్త పన్ను'. 2024 అక్టోబరు 2న ముఖ్యమంత్రి మచిలీపట్నంలో దాని రద్దు ప్రకటించారు. రుసుము పోయినంత మాత్రాన డ్రైవరు జీతం, డీజిలు, మరమ్మతు ఖర్చులు పోవు. అందుకే "రుసుము కట్టాం కదా" అనే పాత వాదన ఇప్పుడు అర్జీలో పనిచేయదు. చెత్త సేకరణ పురపాలక బాధ్యత అన్న నిబంధనే పట్టుకోవాలి.

డెల్టాకు అదనపు చిక్కు నేల. 2016 నిబంధనల ప్రకారం చెత్తను పూడ్చే స్థలం నదికి 100 మీటర్లు, చెరువుకూ ఇళ్లకూ తాగునీటి బావులకూ 200 మీటర్ల దూరంలో ఉండాల్సి వచ్చింది. అడుగడుగునా చెరువు, కాలువ, చేను ఉన్నచోట అలాంటి జాగా దొరకడం కష్టం. తవ్వితే కొద్ది లోతులోనే నీళ్లు. డంపింగ్ యార్డు దూరమైతే బండి రెండో ట్రిప్పుకు తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. 180 ఇళ్ల కాలనీ, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 300 గ్రాముల చెత్త అనుకుంటే మొత్తం 216 కిలోలు. బరువు పెద్ద సమస్య కాదు, చిన్న ట్రక్కుకు అది పూర్తి లోడే కాదు. పోయేది సమయం. ఇంటికి అర నిమిషం చొప్పున గంటన్నర. అదే బండి 700 ఇళ్లు తిరగాలంటే దాదాపు ఆరు గంటలు పడుతుంది, యార్డుకు పోయివచ్చే సమయం వేరే. ఉదయం 6కు బయల్దేరినా చివరి వీధికి చేరేది 12కి. అప్పటికి ఆఫీసులకు వెళ్లే ఇళ్లకు తాళాలు పడి ఉంటాయి. బండి వచ్చినట్టు రికార్డులో ఉంటుంది, చెత్త మాత్రం గుమ్మంలోనే ఉంటుంది. అధికారి "రోజూ వస్తోంది" అనడం, కార్యదర్శి "రావడం లేదు" అనడం, రెండూ నిజమే.

కాబట్టి అర్జీలో ఫిర్యాదుకన్నా పట్టిక ముఖ్యం. రెండు వారాలు వీధివారీగా రాసిపెట్టుకోవాలి: తేదీ, బండి వచ్చిన సమయం, ఎన్ని ఇళ్ల చెత్త మిగిలింది. "5వ వీధికి 14 రోజుల్లో 5 రోజులు బండి రాలేదు, 4 రోజులు 11 తర్వాత వచ్చింది" అని రాస్తే శానిటరీ ఇన్‌స్పెక్టరు డ్రైవరును నిలదీయగలడు. ప్రతి వారం అదే రోజు బండి తప్పితే, ఆ రోజు సెలవు పెట్టిన వ్యక్తి స్థానంలో మరొకరిని వేయడం లేదని అర్థం. వరసగా మూడు రోజులు తప్పితే బండి మరమ్మతుకు వెళ్లి ఉండొచ్చు. రెంటికీ అడగాల్సింది వేరు: మొదటిదానికి బదులు మనిషి, రెండోదానికి బదులు వాహనం. చివరి వీధులకు మాత్రమే ఆలస్యమైతే ఏమీ కొత్తగా అడగక్కర్లేదు, వారం మార్చి వారం అటునుంచి మొదలుపెట్టమంటే చాలు.

అర్జీ ప్రతిని వార్డు సచివాలయంలోని శానిటేషన్ కార్యదర్శికి కూడా ఇచ్చి, పురపాలక కార్యాలయంలో ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి. ఈ సచివాలయ వ్యవస్థ 2019 అక్టోబరు 2న మన డెల్టాలోని కరపలోనే మొదలైంది. నంబరు లేని అర్జీకి గుర్తు ఉండదు. కదలిక లేకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే నంబరు రాసి పెట్టొచ్చు.

కాలువ గట్టున పోగైన కుప్ప గురించి మాత్రం వేరే అర్జీ రాయాలి. గట్టు జలవనరుల శాఖది కనుక, ఒకే కాగితంలో కలిపితే పురపాలిక ఆ సాకుతో మొత్తం కాగితాన్నే అటు పంపేస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక ఎండిన అడుగున చెత్త పడుతూనే ఉంటుంది. నీళ్లు వదిలిన మొదటి రోజు అదంతా దిగువ ఊరి తూముల దగ్గరికి కొట్టుకుపోతుంది. ఆ అర్జీ నీళ్లు వదలడానికి కనీసం మూడు వారాల ముందే వెళ్లాలి.