ఫొటో మసకగా వస్తే కెమెరా పోయినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో నాది చిన్న మొబైల్ రిపేర్ షాపు. సద్దుల బతుకమ్మ మర్నాడు ఏటా ఒకటే రకం గిరాకీ. పోయిన పండుగకు ఒకామె వచ్చి, "అన్నా, కెమెరా ఖరాబైంది. నిన్న పద్మాక్షి గుట్ట కాడ తీసిన ఫొటోలన్నీ పొగ కమ్మినట్టు ఉన్నయ్" అంది. అప్పటికే వేరేచోట చూపిస్తే కెమెరా మార్చాలన్నారట. ఫొటోలు చూశాను. పట్టుచీరల రంగులన్నీ వెలిసిపోయాయి. నల్లగా ఉండాల్సిన ఆకాశం బూడిద రంగులో ఉంది. ప్రతి ఫోకస్ లైటు నుంచీ ఒక గీత ఏటవాలుగా సాగింది. అన్ని లైట్ల గీతలూ ఒకే దిక్కుకు ఉన్నాయి. ఫోన్ విప్పకుండానే జబ్బేంటో తెలిసిపోయింది.

అపోహ: కెమెరా పాతబడింది, క్వాలిటీ తగ్గింది.

వాడుతూ ఉంటే కెమెరా మెల్లమెల్లగా మసకబారదు. నిన్నటిదాకా బాగున్న ఫోన్ ఇవాళ పాలు కలిపినట్టు ఫొటో తీస్తోందంటే ముందు అనుమానించాల్సింది లెన్స్ మీది గాజునే. ఫోన్ పట్టుకుంటే చూపుడు వేలు సరిగ్గా అక్కడికే పోతుంది. ఆ రోజు ఆమె వేళ్లకు మలీద నెయ్యి కూడా అంటి ఉంది.

ఆమె ముందే ఒక పరీక్ష చేశాను. షాపులో లైటు తీసేసి, ఆరడుగుల దూరంలో ఇంకో ఫోన్ టార్చి పెట్టి, లెన్స్ తుడవకుండా ఫొటో తీశాను. ఏటవాలు గీత వచ్చింది. తర్వాత నా బొటనవేలితో లెన్స్‌ను పైనుంచి కిందికి రుద్ది మళ్లీ తీశాను. ఈసారి గీత అడ్డంగా వచ్చింది. వేలు రుద్దినప్పుడు జిడ్డు సన్నని చాళ్లలా పరుచుకుంటుంది. వెలుతురు ఆ చాళ్లకు అడ్డదిక్కున చీలుతుంది. నిలువుగా రుద్దితే గీత అడ్డంగా, అడ్డంగా రుద్దితే నిలువుగా వస్తుంది. రుద్దే దిక్కును బట్టి గీత తిరిగిందంటే తప్పు బయటి గాజు మీదే ఉంది, లోపలి కెమెరాలో లేదు. గాజు సరిగ్గా తుడిచాక గీత పోయింది.

అపోహ: లెన్స్ మీద మచ్చ ఏమీ కనిపించడం లేదు, శుభ్రంగానే ఉంది.

కంటికి కనిపించే మచ్చ కన్నా కనిపించని జిడ్డు పొరతోనే నష్టం ఎక్కువ. లెన్స్ ముందు ఒక దుమ్ము రేణువు ఉంటే అది కొంచెం వెలుతురును ఆపుతుంది, అంతే. మరీ దగ్గరగా ఉంటుంది కాబట్టి దాని ఆకారం ఫొటోలో పడదు. జిడ్డు పొర వెలుతురును ఆపదు, చెల్లాచెదురు చేస్తుంది. ఒక లైటు నుంచి వచ్చిన వెలుతురు ఫొటో అంతటా పల్చగా పరుచుకుని నలుపును బూడిదగా మారుస్తుంది. అందుకే ఖిలా వరంగల్‌లో సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తోరణం తీస్తే బాగానే వస్తుంది. అదే తోరణాన్ని సూర్యుడికి ఎదురుగా తీస్తే మొత్తం తెల్లబారుతుంది. రెండుసార్లూ జిడ్డు అంతే ఉంటుంది. నైట్ మోడ్ పెట్టినా లాభం లేదు. అది చాలా ఫొటోలు కలిపి ఒకటి చేస్తుంది, మసక వాటన్నిటిలోనూ ఉంటుంది.

పొర ఉందో లేదో చూడాలంటే ఫోన్‌ను ట్యూబ్‌లైట్ కింద వాలుగా పట్టుకోండి. లేదా నోటి ఆవిరి ఊదండి. శుభ్రమైన గాజు మీద ఆవిరి సమంగా పట్టి సమంగా పోతుంది. జిడ్డు ఉన్నచోట మరకలు మరకలుగా నిలుస్తుంది.

అపోహ: చొక్కా అంచుతో ఒకసారి రుద్దితే చాలు.

అది జిడ్డును తీయదు, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరుపుతుంది. చొక్కాకు దుమ్ము ఉంటే గీతలు కూడా పడొచ్చు. ముఖ్యంగా మేడారం జాతరకు పోయొచ్చిన ఫోన్‌ను అలా రుద్దకండి. ఇసుక రేణువు మామూలు గాజుకన్నా గట్టిది.

ముందు ఊది లేదా మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపాలి. తర్వాత నోటి ఆవిరి పట్టించి, కళ్లద్దాలు తుడిచే బట్టతో గుండ్రంగా, నొక్కకుండా తుడవాలి. చివరికి అదే బట్టలో పొడి భాగంతో ఇంకోసారి. నెయ్యి, నూనె లాంటి మొండి జిడ్డయితే కళ్లద్దాల లిక్విడ్ ఒక చుక్క బట్ట మీద వేసుకోవాలి, లెన్స్ మీద కాదు. టూత్‌పేస్ట్ మాత్రం వద్దు. అందులో రుద్దే పొడి ఉంటుంది, గాజు మీది పూతను గీకేస్తుంది. పూత అరిగిన గాజుకు జిడ్డు ఇంకా తొందరగా పట్టుకుంటుంది.

అపోహ: లెన్స్ గార్డ్ వేస్తే కెమెరాకు మంచిదే.

ఆమె కథ తుడవడంతో అయిపోలేదు. మామూలు ఫొటోలు బాగయ్యాయి గానీ, ఫ్లాష్ వేస్తే ఒక పక్క నుంచి తెల్లటి పొగ వస్తూనే ఉంది. పౌచ్ తీసి చూశాను, పోలేదు. కెమెరాలన్నిటినీ, ఫ్లాష్‌నూ కలిపి కప్పే ఒకే గాజు గార్డ్ అంటించి ఉంది. ఫ్లాష్ వెలుతురు ఆ గాజులోపలే పాకి లెన్స్ ముందుకు చేరుతోంది. గార్డ్ పీకేశాక పొగ ఆగింది. గార్డ్ కింద దుమ్ము, చెమట కూడా చేరి ఉన్నాయి. పైనుంచి ఎంత తుడిచినా అవి రావు. గార్డ్‌లు నేనూ అమ్ముతాను, కాబట్టి నామీద కోపం వద్దు. వేసుకోవాలనుకుంటే ఫ్లాష్‌ను కప్పనిది తీసుకోండి. మసక వచ్చిన రోజు మొదట దాన్నే తీసి చూడండి.

అపోహ: తుడిచినా పోలేదంటే కెమెరా మార్చాల్సిందే.

ముందు అది మసకా, వేరేదా అని చూడాలి. మసక అయితే అంచులు కనిపిస్తాయి గానీ నలుపు తేలిపోతుంది. నలుపు నల్లగానే ఉండి అంచులు మెత్తగా ఉంటే ఫోకస్ తప్పినట్టు. చాలా ఫోన్లలో మెయిన్ కెమెరా మరీ దగ్గరి వస్తువును సరిగ్గా పట్టలేదు. కాస్త వెనక్కి జరిగి 2x పెట్టి తీయండి. లైటు చుక్కలు చిన్న పురుగుల్లా వంకరపోతే చెయ్యి కదిలినట్టు.

ఏసీ కారులోంచి వానాకాలపు ఉక్కలోకి దిగగానే వచ్చే మసక ఆవిరి. గాజు వెచ్చబడితే పదీ పదిహేను నిమిషాల్లో పోతుంది. తుడిచినా, గంట ఆగినా లెన్స్ లోపలే చెమ్మ కనిపిస్తుంటే నీళ్లు చొరబడ్డాయి. అప్పుడు ఫోన్ విప్పక తప్పదు. 0.5x లో బాగా వచ్చి 1x లో మాత్రమే మసక వస్తే, అవి రెండూ వేర్వేరు లెన్స్‌లు కాబట్టి తప్పు ఒకదాని దగ్గరే ఉంది. ఆ ఒక్క గాజు పగిలినా, గీతలు పడినా కొన్ని మోడళ్లకు పై గాజు మాత్రమే మార్చొచ్చు. అది కెమెరా మొత్తం మార్చడం కన్నా చాలా చవక.

ఇంతకీ ఆమె అడిగింది చివరికి ఒకటే: "మరి నిన్నటి ఫొటోలు బాగవుతయా?" గ్యాలరీ ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ కొంచెం పెంచి, నలుపును కొంచెం లాగితే చీరల రంగులు చాలావరకు తేరుకున్నాయి. లైట్ల గీతలు మాత్రం పోలేదు. ఆ గీతల కింద పడ్డ ముఖాలు అసలు ఫొటోలోనే లేవు.