కోఠి మెడికల్ షాపు లెక్క, ఆగ్స్‌బర్గ్ కంపెనీ కథ

కోఠిలో ఒక మెడికల్ షాపు కోటి రూపాయలకు అమ్మకానికి వచ్చిందనుకుందాం. మీ దగ్గర 20 లక్షలే ఉన్నాయి. మిగతా 80 లక్షలు 11 శాతం వడ్డీకి అప్పు తెచ్చి, షాపునే తాకట్టు పెట్టి, దాని గల్లా నుంచే తీర్చుకుంటూ పోతారు. షాపుకు ఏడాదికి 15 లక్షలు మిగిలితే, మొదటి ఏడాది వడ్డీ 8.8 లక్షలు పోను 6.2 లక్షలు అసలుకు వెళ్తుంది. అదే మిగులు 9 లక్షలకు పడిపోతే వడ్డీ కట్టేసరికే గల్లా ఖాళీ, అసలు కదలదు. లెవరేజ్డ్ బైఅవుట్, పొట్టిగా ఎల్‌బీఓ, అంటే ఇంతే. అప్పిచ్చేవాడు కొనేవాడి పేరు కన్నా, కొనబోయే వ్యాపారం చేతికి ఏటా ఎంత నగదు ఇస్తుందో చూస్తాడు.

హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ 2006లో ఇలాంటి లెక్క మీదే జర్మనీ వెళ్లింది. ఆగ్స్‌బర్గ్‌లోని జెనరిక్ మందుల కంపెనీ బీటాఫార్మ్‌ను 480 మిలియన్ యూరోలకు 3ఐ అనే పెట్టుబడి సంస్థ నుంచి కొంది. అందులో 400 మిలియన్ల దాకా బ్యాంకు అప్పే. వెనక పెద్ద మాతృసంస్థ ఉంది కాబట్టి దీన్ని అచ్చమైన ఎల్‌బీఓ అనలేం గానీ, ధరను సమర్థించిన ఆశ మాత్రం బీటాఫార్మ్ నగదే.

ఆ నగదు ఎక్కడి నుంచి వస్తుంది? మెడికల్ రెప్‌లు డాక్టర్ల చుట్టూ తిరిగి తమ బ్రాండు రాయించుకోవడం నుంచి. సరిగ్గా అదే ఏడాది అక్కడి ప్రభుత్వం జెనరిక్ మందుల ధరలు తగ్గించే చట్టం తెచ్చింది. 2007లో ఇంకో దెబ్బ పడింది. ఆరోగ్య బీమా సంస్థ ఏ తయారీదారుతో తగ్గింపు ఒప్పందం చేసుకుంటే, ఫార్మసిస్టు మామూలుగా ఆ మందే ఇవ్వాలి. డాక్టరు ఏ బ్రాండు రాసినా పెద్దగా తేడా లేదు. ఇక టెండరులో తక్కువ ధర వేసినవాడిదే రాజ్యం. షాపు 15 లక్షలు 9 లక్షలైనట్టే. 2008-09లో డాక్టర్ రెడ్డీస్ తన ఖాతాల్లో బీటాఫార్మ్ విలువను రూ.1,400 కోట్లకు పైగా తగ్గించేసి, ఆ ఏడాది నష్టం చూపింది. అమెరికా అమ్మకాలు ఉన్నాయి కాబట్టి తట్టుకుంది. బీటాఫార్మ్ నగదు తప్ప మరో ఆధారం లేని కొనుగోలుదారైతే వాయిదాల దగ్గరే చిక్కుకునేవాడు.

ఇలాంటి కొనుగోళ్లు మన దగ్గర ఎందుకు అరుదంటే కారణం పాతది. 1956 కంపెనీల చట్టం 77వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ కంపెనీ తన షేర్లు కొనేవాడికి అప్పు గానీ హామీ గానీ తాకట్టు గానీ ఇవ్వకూడదు. అంటే షాపునే తాకట్టు పెట్టే దారి మూసేసినట్టే. 2013 చట్టం 67వ సెక్షన్‌లోనూ అదే నిషేధం ఉంది. దానికి తోడు, దేశంలో షేర్ల కొనుగోలుకు బ్యాంకులు అప్పివ్వకుండా రిజర్వ్ బ్యాంకు చాలాకాలం కట్టడి చేసింది. కంపెనీల టేకోవర్లకు బ్యాంకులు రుణమిచ్చేలా నిబంధనలు తెస్తామని 2025 అక్టోబరులో ప్రకటించింది. బ్యాంకు తలుపు తెరిచినా, 67వ సెక్షన్ తాళం మాత్రం అలాగే ఉంది.