థర్మోస్టాట్ ఎవరి వేడిని చెబుతుంది? కొన్ని అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో కార్యాలయాలకు, క్లినిక్‌లకు డక్ట్ ఏసీలు బిగించి, వాటి నిర్వహణ చూసుకోవడం నా వృత్తి. ‘ఏసీ సరిగా పనిచేయడం లేదు’ అని పిలిచినప్పుడు వెళ్లి చూస్తే, యంత్రంలో లోపమేమీ కనిపించక, గది వేడిని చూసి ఏసీని నడిపించే, ఆపే, గోడ మీది అరచేయంత థర్మోస్టాట్‌ను తప్పు చోట బిగించడమే కారణంగా తేలిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

అపోహ: థర్మోస్టాట్ మీద కనిపించే అంకె గదిలోని గాలి ఉష్ణోగ్రత.

ఆ అంకె డబ్బాలో ఉన్న సెన్సర్ ఉష్ణోగ్రత మాత్రమే. మిరియపు గింజంత ఉండే ఆ సెన్సర్‌కు డబ్బా సందుల్లోంచి వచ్చే గాలి వేడి చేరుతుంది, వెనకనున్న గోడ వేడి చేరుతుంది, ఎండ పడితే ఎండ వేడి కూడా చేరుతుంది. గాలి ప్రభావం మిగిలిన రెండింటినీ మించి ఉన్నంతవరకే ఆ అంకెను నమ్మవచ్చు.

అపోహ: బయటి గోడకు కాకుండా లోపలి గోడకు బిగిస్తే ఎండ బెడద ఉండదు.

బయటి గోడ మంచిది కాదన్న మాట నిజమే. మన పడమటి గోడలు మధ్యాహ్నమంతా కాగి, ఆ వేడిని కొన్ని గంటల తర్వాత లోపలికి విడుస్తాయి కనుక, వాటి మీద బిగించిన సెన్సర్ పొద్దుపోయాక కూడా ఎక్కువ చూపిస్తుంది. అయితే లోపలి గోడ అయినంత మాత్రాన ఎండ తగలదని అనుకోకూడదు.

గచ్చిబౌలిలో ఒక కార్యాలయపు చిన్న మీటింగ్ గదిలో, ఏప్రిల్ చివర, సాయంత్రం ఐదున్నర సమావేశానికి వచ్చేవారంతా చలికి వణుకుతున్నారని కబురు వచ్చింది. ఉదయం నుంచి నాలుగున్నర వరకు అదే గది హాయిగా ఉంటోంది. పడమటి వైపు తొమ్మిది అడుగుల ఎత్తు వరకు అద్దం ఉంది. దానికి ఎదురుగా, పది అడుగుల దూరంలో, తూర్పు వైపు లోపలి గోడ మీద ఐదడుగుల ఎత్తులో థర్మోస్టాట్ ఉంది. అద్దం పై అంచుకూ థర్మోస్టాట్‌కూ ఎత్తులో తేడా నాలుగడుగులు. పది అడుగుల దూరానికి నాలుగడుగులు దిగే కిరణం అంటే, సూర్యుడు దిగంతానికి దాదాపు 22 డిగ్రీల ఎత్తుకు దిగినప్పటి కిరణం. మన ఊళ్లో ఏప్రిల్‌లో అది సూర్యాస్తమయానికి సుమారు గంటన్నర ముందు, అంటే ఐదు గంటల ప్రాంతంలో జరుగుతుంది. అక్కడి నుంచి ఎండ నేరుగా థర్మోస్టాట్ మీదే పడుతోంది.

సెట్ పాయింట్, అంటే గదికి కావాలని పెట్టుకున్న ఉష్ణోగ్రత, 24. నాలుగున్నరకు బల్ల మీద నీడలో పెట్టిన నా థర్మామీటర్, గోడ మీది థర్మోస్టాట్ రెండూ 24 చూపించాయి. ఐదున్నరకు థర్మోస్టాట్ 28 చూపిస్తుండగా బల్ల మీద 21.5 ఉంది. గది వేడిగా ఉందనుకుని యంత్రం ఆగకుండా చల్లని గాలిని పంపుతూనే ఉంది. గాలి ఆడేలా జానెడు దూరంలో అట్టముక్క అడ్డంగా పెడితే, ఇరవై నిమిషాల్లో థర్మోస్టాట్ 22.5కు దిగి యంత్రం ఆగింది. అట్టముక్కను డబ్బాకు ఆనించకూడదు; ఆనిస్తే గాలి కూడా అందక పరీక్ష చెడిపోతుంది.

అపోహ: ఎక్కువ చూపిస్తే, సెట్టింగ్‌లో ఆ తేడాను తగ్గించి సరిచేస్తే చాలు.

ఆ కార్యాలయంలో నాకంటే ముందు వచ్చిన మెకానిక్ ఇదే చేశాడు. చూపించే అంకెలోంచి మూడు డిగ్రీలు తగ్గించాడు. దాంతో, ఎండ లేని ఉదయం గది నిజంగా 24 ఉన్నప్పుడు అది 21 చూపించేది. గది 27కు చేరే వరకు ఏసీ మొదలయ్యేది కాదు. సాయంత్రపు చలి కొంత తగ్గి, ఉదయపు ఉక్కపోత మొదలైంది. నేను ముందు ఆ దిద్దుబాటును సున్నాకు తెచ్చి, తర్వాతే పై కొలతలు తీశాను.

దిద్దుబాటు ఎప్పుడు పనికివస్తుందో తెలుసుకోవడానికి ఒక రోజు వెచ్చించాలి. గదిలో మనుషులు కూర్చునే చోట, నీడలో, ఏసీ గాలి నేరుగా తగలకుండా ఒక థర్మామీటర్ ఉంచి, ఉదయం తొమ్మిది నుంచి రాత్రి ఏడు వరకు అరగంటకోసారి రెండు అంకెలూ రాసుకోవాలి. తేడా రోజంతా ఒకేలా ఉంటే అది సెన్సర్ లోపం. దానికి దిద్దుబాటు సరిపోతుంది. తేడా ఫలానా వేళకే పెరుగుతుంటే ఎండను, ఏసీ నడుస్తున్నప్పుడు మాత్రమే మారుతుంటే చల్లగాలి గదిలోకి దిగే డిఫ్యూజర్ గాలిని, తలుపు తీసినప్పుడల్లా మారుతుంటే కారిడార్ గాలిని అనుమానించాలి. ఈ మూడింటిలో ఏదైనా చోటు మార్చక తప్పదు.

చోటు మార్చడం కూడా తొందరపడి చేసే పని కాదు. సూర్యుడు హైదరాబాద్‌లో ఏడాది పొడవునా ఒకే చోట అస్తమించడు. ఉత్తరాయణం చివర పడమరకు ఉత్తరంగా, దక్షిణాయనం చివర పడమరకు దక్షిణంగా, ఒక్కోవైపు సుమారు 25 డిగ్రీల వరకు జరుగుతాడు. అందుచేత ఏప్రిల్‌లో నీడగా కనిపించిన ఉత్తరపు గోడ మీద డిసెంబరులో ఎండ పడవచ్చు. ఆ గదిలో ఉత్తరపు గోడకు ఆనుకుని, అడుగున్నర ముందుకు పొడుచుకు వచ్చిన నిలువెత్తు బీరువా ఉంది. దాని తూర్పు పక్కన, బీరువాకు అడుగున్నర దూరంలో థర్మోస్టాట్‌ను బిగించాము. అంతకంటే దగ్గరైతే మూలలో గాలి నిలిచిపోతుంది. దూరమైతే చలికాలపు ఎండ అందుతుంది. డిసెంబరులో మళ్లీ వెళ్లి, సాయంత్రం బీరువా నీడ దాని మీదే ఉందని కళ్లారా చూశాకే నాకు నిశ్చింత కలిగింది.

అపోహ: ఏసీ గాలి తగిలే చోట పెడితే వెంటనే స్పందించి బాగా పనిచేస్తుంది.

వెంటనే స్పందించే మాట నిజమే, కాని స్పందించేది గదికి కాదు. డిఫ్యూజర్ నుంచి దిగే గాలి గదికంటే దాదాపు పది డిగ్రీలు చల్లగా ఉంటుంది. ఆ గాలి తగిలిన సెన్సర్ కొద్ది నిమిషాల్లోనే సెట్ పాయింట్‌కు చేరి యంత్రాన్ని ఆపేస్తుంది. గది మాత్రం వేడిగానే ఉంటుంది. ఏసీ నాలుగైదు నిమిషాలు నడవడం, ఆగడం, మళ్లీ మొదలవడం దీనికి గుర్తు. థర్మోస్టాట్ పక్కన ఒక సన్నని దారం వేలాడదీస్తే, ఏసీ మొదలవగానే అది ఊగుతుందో లేదో తెలిసిపోతుంది. అగరుబత్తి పొగతోనూ చూడవచ్చు గాని, స్మోక్ డిటెక్టర్ ఉన్న కార్యాలయంలో ఆ సాహసం వద్దు.

కంటికి కనిపించని గాలి ఇంకొకటి ఉంది. థర్మోస్టాట్ వెనక తీగలు వచ్చే కండ్యూట్ పైపు ఫాల్స్ సీలింగ్ పైదాకా తెరిచే ఉంటుంది. పై అంతస్తుల్లో స్లాబు కింద ఆ చోటు వేసవిలో బాగా వేడెక్కుతుంది. గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే ఆ వేడిగాలి పైపులోంచి దిగి, సరిగ్గా సెన్సర్ వీపు మీద పడుతుంది. ఒక క్లినిక్‌లో ఎగ్జాస్ట్ వేసినప్పుడల్లా అంకె రెండు డిగ్రీలు పెరగడం చూసి, విద్యుత్ ఆపించి, డబ్బా విప్పి, పైపు మూతిని సిలికాన్‌తో మూసేసరికి సమస్య తీరింది.

అపోహ: స్విచ్‌బోర్డు పక్కనే బిగిస్తే తీగల ఖర్చు కలిసివస్తుంది, నష్టమేమీ లేదు.

పాత రకం ఫ్యాన్ రెగ్యులేటర్ వేడెక్కుతుంది, లైట్ డిమ్మర్ కూడా అంతే. వాటికి పైన కాకుండా, కనీసం రెండు అడుగులు పక్కకు జరపడం మేలు. టీవీ, ప్రింటర్ల వెనక గోడ గురించి వేరే చెప్పనక్కరలేదు.

అపోహ: గోడ మీద మంచి చోటు దొరకకపోతే సెన్సర్‌ను, గదిలోంచి యంత్రానికి తిరిగి వెళ్లే రిటర్న్ గాలి దారిలో పెడితే అన్నీ సరిపోతాయి.

ఎండ సమస్య తప్పుతుంది, గదంతటి గాలీ కలిసి వస్తుంది కనుక సగటు కూడా బాగానే ఉంటుంది. అయితే ఫ్యాన్ తిరుగుతున్నప్పుడే ఆ అంకెకు అర్థం ఉంటుంది. రిటర్న్ గాలి డక్ట్ లేకుండా ఫాల్స్ సీలింగ్ పైనుంచే వెళ్లే పై అంతస్తు గదుల్లో, అది స్లాబు వేడిని కూడా మోసుకువస్తుంది. అక్కడ సెన్సర్‌ను యంత్రం దగ్గర కాకుండా, గది గాలి పైకి వెళ్లే రిటర్న్ గ్రిల్ దగ్గరే అమర్చాలి.