ప్రింటర్‌లో పేపర్ మాటిమాటికీ ఇరుక్కుంటోందా? అపోహలు - వాస్తవాలు

చెన్నైలో ప్రింటర్ల సర్వీసు చేస్తుంటాను. నవంబరు వానల్లో టీ నగర్‌లోని ఒక ఆడిటర్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఆయనది నెల్లూరు. "తమ్ముడూ, పది కాగితాలకు ఒకటి ఇరుక్కుంటోంది. కొత్త ప్రింటర్ కొనేయమంటావా?" అన్నారు. నేను వెళ్లి చూసేదాకా ఆగమన్నాను.

అపోహ: మాటిమాటికీ జామ్ అవుతుంటే మెషీన్ పని అయిపోయినట్టే.

ముందు కాగితం ఎక్కడ ఆగిందో చూడాలి. ఆయన లేజర్ ప్రింటర్‌లో కాగితం ట్రే దాటి రెండంగుళాలు కూడా రాలేదు, నలగనూ లేదు. ట్రేలోంచి లాగిన కాగితం ఇంతసేపట్లో సెన్సర్‌ను తాకాలని ప్రింటర్‌కు ఒక లెక్క ఉంటుంది. కాగితాన్ని లాగే రబ్బరు రోలర్ జారి అది ఆలస్యమైతే చాలు, జామ్ అని ఆపేస్తుంది.

అపోహ: రోలర్ గుండ్రంగానే ఉంది కదా, అరగలేదు.

అరుగుదల కంటికి ఆనదు, వేలితో తడిమితే తెలుస్తుంది. కొత్త రబ్బరు మెత్తగా, వేలిని పట్టుకున్నట్టు ఉంటుంది. ఆయన ప్రింటర్‌లోది గట్టిపడి, అద్దంలా నున్నగా మెరుస్తోంది. నూలు రాలని గుడ్డను నీళ్లలో తడిపి, గట్టిగా పిండి తుడిచాను. గుడ్డకు బూడిదరంగు కాగితపు దుమ్ము అంటింది. నలభై కాగితాలు బాగానే వచ్చాయి, తర్వాత మళ్లీ జారింది. దుమ్ము ఒక్కటే కారణమైతే తుడవడంతో సరిపోయేది. ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్ నుంచి రోలర్ తెచ్చి, దాని కింద ఉండే సెపరేషన్ ప్యాడ్‌తో కలిపి మార్చాను. రెండో కాగితాన్ని ఆపేది ఆ ప్యాడే. అది అరిగితే రెండేసి కాగితాలు కలిసి వస్తాయి కాబట్టి, రోలర్‌తో పాటే మార్చడం నా అలవాటు.

అపోహ: ఇరుక్కున్న కాగితం లాగేస్తే అయిపోయినట్టే.

రోలర్ మార్చినా, లోపల కాగితమే లేకపోయినా, జామ్ అనే చూపిస్తోంది. ఇందాక మళ్లీ జారినప్పుడు ఆఫీసు కుర్రాడు లాగగా చిరిగిన కాగితాన్ని చెత్తబుట్టలోంచి తీయించి, ముక్కలన్నీ బల్ల మీద పేర్చాను. గోరంత మూల తగ్గింది. స్విచ్ ఆపి, కార్ట్రిడ్జ్ తీసి, టార్చి వేసి చూస్తే ఆ ముక్క సెన్సర్ మీటను నొక్కిపెట్టి ఉంది. పక్కనే ఒక స్టేపుల్ పిన్ను కూడా దొరికింది. ఇరుక్కున్న కాగితాన్ని రెండు చేతులతో, అది వెళ్లే దిక్కుకే మెల్లగా లాగాలి. టోనర్ పొడిని వేడితో కాగితానికి అతికించే ఫ్యూజర్ దగ్గరైతే వేడి తగ్గేదాకా ఆగాలి.

అపోహ: కాగితం ఏదైనా ఒకటే.

ఆ పిన్ను ఒకవైపు వాడేసిన కాగితాలతో లోపలికి వెళ్లింది. ఒకసారి ఫ్యూజర్ వేడి తిన్న కాగితం వంపు తిరిగి ఉంటుంది. పైగా విప్పిన రీము కిటికీ పక్కనే ఉంది, వానగాలికి చెమ్మ పట్టి మెత్తబడింది. కొత్త 75 జీఎస్ఎం రీము విప్పి, అంచులు విదిలించి పెట్టి, వంద కాగితాలు తీశాం. ఒక్కటీ ఆగలేదు. వాడిన కాగితాల కట్టను ఆయన చిత్తు లెక్కలకు పక్కన పెట్టుకున్నారు, రీము బీరువాలోకి చేరింది.