రాత్రి ఇన్సులిన్ ఏది? ఫొటో చూసి చెప్పడం

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే ఇలాంటి ఫొటో ఏదో ఒక రోజు వాట్సాప్‌లో వస్తుంది. ఊళ్లో అమ్మ ఫ్రిజ్ తలుపు అరలో ఉన్న ఇన్సులిన్లన్నీ తీసి బల్ల మీద వరసగా పెట్టి, ఫొటో కొట్టి, "వీటిల్లో రాత్రి వేసుకునేది ఏదిరా?" అని అడుగుతుంది. మొన్నటిదాకా వాడినవి, ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు కొత్తగా రాసిచ్చినవి అన్నీ ఒకేచోట ఉంటాయి. ఎడమ పక్కన రెండు చిన్న సీసాలు, ఒకదానికి పసుపు మూత, ఇంకోదానికి గోధుమ రంగు మూత. వాటి పక్కన ఊదా రంగు బటన్ ఉన్న బూడిద రంగు పెన్ను, ఆ తర్వాత నారింజ బటన్ ఉన్న ముదురు నీలం పెన్ను. చివర్లో క్యాప్ పెట్టి ఉన్న వెండి రంగు లోహపు పెన్ను.

వీటిల్లో రంగు చూసి కాస్త నమ్మకంగా చెప్పగలిగేవి సీసాలు మాత్రమే. పాతకాలపు హ్యూమన్ ఇన్సులిన్లకు అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య ఒక రంగుల పద్ధతి పెట్టింది. దాని ప్రకారం పసుపు అంటే సాల్యుబుల్ లేదా రెగ్యులర్ ఇన్సులిన్. ఇది భోజనానికి అరగంట ముందు వేసుకునేది, ఆరేడు గంటలు పనిచేస్తుంది. ఆకుపచ్చ అంటే ఐసోఫేన్, డాక్టర్లు ఎన్.పి.హెచ్. అనేది. నెమ్మదిగా మొదలై పన్నెండు గంటలకు పైగా ఉంటుంది. గోధుమ రంగు ఈ రెండూ కలిపిన మిక్స్‌డ్ రకం, 30/70. మన మెడికల్ షాపుల్లో యాక్ట్రాపిడ్, ఇన్సులాటార్డ్, మిక్స్‌టార్డ్ సీసాలు ఈ మూడు రంగుల్లోనే కనిపిస్తాయి. కాబట్టి అమ్మ ఫొటోలో పసుపు మూతది రెగ్యులర్ అనీ, గోధుమ రంగుది మిక్స్‌డ్ అనీ ఊహించవచ్చు. ఊహ సరైనదో కాదో లేబుల్ మీద పేరు చెప్పాలి.

30/70 అంటే నూరు పాళ్లలో 30 త్వరగా పనిచేసే భాగం, 70 నెమ్మదిగా పనిచేసే భాగం. అమెరికాలో ఇదే మందును తిరగేసి 70/30 అని రాస్తారు. పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు అక్కడి ఫార్మసీలో ఆ అంకె చూసి ఇదేదో వేరే మందు అని టెన్షన్ పడతారు. అంకెలు తిరగబడ్డాయి, అంతే. కానీ అక్కడే నోవోలిన్ 70/30, నోవోలాగ్ మిక్స్ 70/30 అని రెండు వేర్వేరు మందులున్నాయి. అంకె ఒకటే అయినా రెండోదాంట్లో ఉన్నది వేగంగా పనిచేసే అస్పార్ట్, మొదటిదాంట్లో ఉన్నది రెగ్యులర్. అంకె ఒక్కటే చూస్తే సరిపోదు, పేరు పూర్తిగా చదవాలి.

పెన్నుల దగ్గరికి వస్తే ఈ రంగుల పద్ధతి చెల్లదు. తర్వాత వచ్చిన, పనితీరు మారేలా అణువులో మార్పులు చేసిన అనలాగ్ ఇన్సులిన్లకు అన్ని కంపెనీలూ పాటించే రంగులు లేవు. ఎవరి రంగు వాళ్లే ఎంచుకున్నారు. అస్పార్ట్ అనే వేగపు ఇన్సులిన్‌ను నోవోరాపిడ్ పేరుతో అమ్మే కంపెనీ నారింజ రంగు పెట్టుకుంది. అదే పని చేసే లిస్ప్రోను హ్యూమలాగ్ పేరుతో అమ్మే కంపెనీ ముదురు ఎరుపు తీసుకుంది. గ్లూలిసిన్, అంటే ఎపిడ్రా, నీలం. రోజంతా పనిచేసే గ్లార్జిన్ లాంటస్ పేరుతో వస్తే ఊదా రంగు. ఇక్కడ ఒక చిక్కుంది. హ్యూమలాగ్ మిక్స్ 25 అనే మిక్స్‌డ్ ఇన్సులిన్‌కు ఆ కంపెనీ పసుపు పెట్టింది. పసుపంటే రెగ్యులర్ అని సీసాతో నేర్చుకున్న మనిషి ఆ పెన్ను చూస్తే తప్పు చెబుతాడు. నాకు అర్థమైనంతలో పెన్ను మీద రంగు పని ఒకటే: ఇది పక్కనున్న పెన్ను కాదు అని చెప్పడం. ఇది ఏమిటి అన్నది లేబుల్ మీద బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు అసలు పేరు చెబుతుంది. లిస్ప్రో, అస్పార్ట్, గ్లూలిసిన్ లలో ఒక్క పేరే ఉంటే భోజనం ముందు వేసుకునే వేగపు రకం. గ్లార్జిన్ గానీ డెగ్లుడెక్ గానీ ఒక్క పేరే ఉంటే రోజంతా పనిచేసేది.

ఊదా బటన్ పెన్ను లాంటస్, నారింజ బటన్ పెన్ను నోవోరాపిడ్ అయ్యే అవకాశమే ఎక్కువ. కానీ ఫొటోలో ఊదా, నీలం ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. పాత పసుపు బల్బు కింద తీసిన ఫొటోలో ఊదా గోధుమలా, నారింజ ఎరుపులా కనిపించినా ఆశ్చర్యం లేదు. పైగా ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో కంటి రెటీనా దెబ్బతింటే నీలం, పసుపు తేడాలే ముందుగా మసకబారుతుంటాయి. అంటే ఈ రంగుల మీద ఆధారపడాల్సిన మనిషికే అవి సరిగా కనపడకపోవచ్చు.

రంగు కాకపోతే మందు ఎలా ఉందో చూసి చెప్పొచ్చు కదా అంటారు చాలామంది. తేటగా ఉంటే త్వరగా పనిచేసేది, పలుచటి మజ్జిగలా తెల్లగా ఉంటే ఎక్కువసేపు ఉండేది అని వెనకటి నర్సులు చెప్పేవారు. అప్పట్లో అది నిజమే. ఎన్.పి.హెచ్.లో ఇన్సులిన్‌ను ప్రొటమిన్ అనే ప్రోటీన్‌తో కలిపి సన్నని స్ఫటికాలుగా మారుస్తారు. ఆ స్ఫటికాలు చర్మం కింద మెల్లగా కరుగుతాయి, అందుకే ఎక్కువసేపు పనిచేస్తుంది, అందుకే తెల్లగా ఉంటుంది. 30/70 కూడా అంతే. అందుకే ఈ రెండింటినీ వేసుకునే ముందు అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు పైకీ కిందకీ తిప్పాలంటారు. స్ఫటికాలు అడుగున పేరుకుపోతే ఒకరోజు పలుచగా, ఇంకోరోజు చిక్కగా పడుతుంది.

అయితే 2000లో గ్లార్జిన్ వచ్చాక ఆ సూత్రం చెడిపోయింది. గ్లార్జిన్ సీసాలో పుల్లటి ద్రవంలో, పీహెచ్ 4 దగ్గర, పూర్తిగా కరిగి నీళ్లలా తేటగా ఉంటుంది. శరీరంలోకి వెళ్లి అక్కడి మామూలు పీహెచ్ తగలగానే చర్మం కింద గట్టిపడి, రోజంతా కొద్దికొద్దిగా విడుదలవుతుంది. గట్టిపడే పని సీసాలో కాకుండా ఒంట్లో జరుగుతుంది కాబట్టి బయట తేడా కనిపించదు. కాబట్టి ఇవాళ నోవోరాపిడ్ తేటగా ఉంటుంది, లాంటస్ కూడా తేటగానే ఉంటుంది. డెగ్లుడెక్, అస్పార్ట్ కలిపిన రైజోడెగ్ అయితే మిక్స్‌డ్ అయి కూడా తేటగానే ఉంటుంది. తెల్లగా ఉంటే మాత్రం ఎన్.పి.హెచ్. గానీ, ప్రొటమిన్ ఉన్న మిక్స్‌డ్ గానీ అనుకోవచ్చు. తేటగా ఉండాల్సినదే తెల్లబడితే అది పాడైనట్టు, పారేయాలి.

చివరి వెండి పెన్ను గురించి ఫొటో ఏమీ చెప్పదు. అది మళ్లీ మళ్లీ వాడే పెన్ను. ఇందులో 3 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్ పెట్టుకుంటారు, మిల్లీలీటరుకు 100 యూనిట్లున్న, అంటే 100 బలం మందైతే అందులో 300 యూనిట్లుంటాయి. ఆ పెన్ను చేసిన కంపెనీ అమ్మే ఏ రకం కార్ట్రిడ్జ్ అయినా అందులో పడుతుంది. వెండి, నీలం అని రెండు రంగుల్లో ఇచ్చేది కూడా రెండు ఇన్సులిన్లు వాడేవాళ్లు ఏ రంగులో ఏది పెట్టుకోవాలో తామే తేల్చుకోవడానికి. క్యాప్ తీసి, లోపలి గాజు గొట్టం మీది లేబుల్ చదివితే తప్ప అందులో ఏముందో తెలియదు.

పేరు తర్వాత చదవాల్సింది మిల్లీలీటరుకు ఎన్ని యూనిట్లన్నది. మన దగ్గర సీసాలు 40, 100 రెండు బలాల్లోనూ దొరుకుతాయి. 40 బలం సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 బలానికి నారింజ మూత సిరంజి. ఈ నారింజకీ నోవోరాపిడ్ నారింజకీ సంబంధం లేదు, సిరంజి మూత రంగు బలాన్నే చెబుతుంది. అమ్మ ఇన్నాళ్లూ 40 సీసాతో ఎర్ర మూత సిరంజి వాడుతూ, ఇప్పుడు 100 బలం గ్లార్జిన్ సీసా తెచ్చుకుని అదే సిరంజిలో 20 గీత దాకా లాగిందనుకుందాం. ఆ గీత అంటే అర మిల్లీలీటరు. 100 బలంలో అర మిల్లీలీటరు అంటే 50 యూనిట్లు, కావాల్సినదానికి రెండున్నర రెట్లు. తిరగేస్తే, 40 మందును నారింజ సిరంజిలో 20 గీతకు లాగితే పడేది 8 యూనిట్లే. అమెరికాలో మామూలుగా వాడేవి 100 బలం సీసాలే కాబట్టి, ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన 40 సీసా అక్కడి సిరంజితో వాడితే జరిగేది ఇదే.

ఇక రకం తారుమారైతే ఏమవుతుందో చూద్దాం. అమ్మకు రాత్రి పదింటికి గ్లార్జిన్ 24 యూనిట్లు, ప్రతి భోజనానికి ముందు అస్పార్ట్ 6 యూనిట్లు అని రాసిచ్చారు. రాత్రి చీకట్లో పొరపాటున నారింజ పెన్ను తీసి 24 తిప్పింది. అంటే వేగపు మందు మామూలు మోతాదుకు నాలుగు రెట్లు, అదీ భోజనం అయిపోయాక. అస్పార్ట్ పావుగంటలో మొదలై, గంట నుంచి మూడు గంటల మధ్య బలంగా పనిచేసి, నాలుగైదు గంటల్లో తగ్గుతుంది. అంటే ప్రమాదం ఎక్కువగా పదకొండు నుంచి ఒంటిగంట దాకా, ఇల్లంతా నిద్రపోయే వేళ. చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి, ఆ తర్వాత మాట తడబడటం, స్పృహ తప్పడం ఆ వరసలో రావచ్చు. లక్షణాలు కనిపించేదాకా ఆగకూడదు. వెంటనే గ్లూకోమీటర్‌తో చూసి, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, ఏదైనా తినిపించి, డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆ రాత్రి ఒక్కదాన్నే పడుకోనివ్వకుండా మాటిమాటికీ షుగర్ చూస్తుండాలి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. మర్చిపోయిన గ్లార్జిన్ వేయాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి, ఇంట్లో వాళ్లు తేల్చకూడదు.

దీనికి విరుద్ధంగా భోజనం ముందు గ్లార్జిన్ 6 పడితే అప్పటికప్పుడు కుప్పకూలిపోరు. తిన్నాక షుగర్ పైకి పోతుంది, మధ్యాహ్నం మీటర్ చూస్తే గానీ తప్పు బయటపడదు.

అందుకే ఆ ఫొటోకు "ఊదా రంగుదమ్మా" అని నేనైతే జవాబివ్వను. పెన్నుల క్యాపులన్నీ తీసి, ఒక్కొక్కటి పగటి వెలుతురులో దగ్గరగా, పేరూ మిల్లీలీటరుకు యూనిట్లూ కనిపించేలా మళ్లీ తీసి పంపమంటాను. డాక్టరు రాసిచ్చిన చీటీ ఫొటో కూడా పంపమంటాను. పాత సీసాలు ఇక వద్దని డాక్టరు చెప్పాక ఫ్రిజ్‌లోంచి తీసేయించాలి. వేగంగా పనిచేసే పెన్నుకు ఒక రబ్బరు బ్యాండు చుడితే చీకట్లో చేతికి తగిలి తేడా తెలుస్తుంది. లోహపు పెన్నుకు చుట్టినప్పుడు మాత్రం, కార్ట్రిడ్జ్ మార్చిన ప్రతిసారీ లోపల పెట్టింది అదే రకమా కాదా చదివాకే క్యాప్ పెట్టాలి.