బొటనవేలి కింద రెండు గింజలు

మోకాలి చిప్ప అందరికీ తెలుసు. అలాంటివే రెండు బుజ్జి చిప్పలు బొటనవేలి మొదట్లో, అరికాలి ఉబ్బు కింద పక్కపక్కనే ఉంటాయి. ఒక్కోటి బఠాణీ గింజంత. వీటిని సెసమాయిడ్ ఎముకలంటారు. గ్రీకులో నువ్వులకున్న పేరు నుంచి వచ్చిన మాట అది. వేలిని కిందికి వంచే కండరాలను ఎముకకు కలిపే తాళ్లలాంటి టెండన్లలో పొదిగినట్టు ఉండి, బావి గిలకలా ఆ లాగుడుకు బలమిస్తాయి. మడమ లేచి బరువు ముందుకు వచ్చినప్పుడల్లా నేలకీ కాలికీ మధ్య నలిగేవి ఇవే. పాదం లోపలి అంచువైపు గింజ మీద భారం ఎక్కువ, దెబ్బతినేదీ ఎక్కువగా అదే.

కూచిపూడి నేర్చుకునే ఒక అమ్మాయిని ఊహించండి. ప్రదర్శన దగ్గరపడి, గచ్చు మీద ఉత్త కాళ్లతో సాధన రెట్టింపు చేసింది. నొప్పి ఒక్కసారిగా రాలేదు. మొదట సాధన అయ్యాక సలుపు, తర్వాత మెట్లు ఎక్కుతుంటే, ఆ తర్వాత మామూలుగా నడుస్తున్నా. తెలియకుండానే పాదం బయటి అంచు మీద నడవడం మొదలుపెట్టింది. పరుగెత్తేవాళ్లకి కూడా దూరం ఉన్నట్టుండి పెంచినప్పుడు ఇలాగే మొదలవుతుంది.

నొప్పి చోటు పట్టుకోవడం కష్టం కాదు. ఉబ్బు కింద చేతి బొటనవేలితో నొక్కితే ఒక్క బిందువు దగ్గర చురుక్కుమంటుంది. రెండో చేత్తో కాలివేలిని పైకి వంచితే ఆ బిందువు కాస్త ముందుకు జరుగుతుంది, ఎందుకంటే గింజ టెండన్‌తో పాటు కదులుతుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. నొప్పి ఉన్నచోటే మెత్తటి జెల్ ముక్క అంటిస్తారు. ఆ చోటు మరింత ఎత్తై, బరువు మళ్లీ దాని మీదే పడొచ్చు. డాన్సర్స్ ప్యాడ్ అనే మెత్త చేసే పని వేరు. సుమారు 5 మిల్లీమీటర్ల మందమున్న ఫెల్ట్ అనే దట్టమైన గుడ్డను గుర్రపు నాడా ఆకారంలో కత్తిరిస్తారు. తెరిచిన వైపు వేళ్లకేసి ఉంటుంది. గింజలు ఆ ఖాళీలో కూర్చుంటే, బరువును వెనకా పక్కనా ఉన్న ఫెల్ట్ మోస్తుంది.

బూట్లలో పెట్టాలంటే నొప్పి బిందువు మీద కాస్త లిప్‌స్టిక్ రాసి, ఇన్‌సోల్ మీద నిలబడాలి. మచ్చ పడినచోటు ఖాళీలోకి రావాలి. ఉత్త కాళ్లతో ఆడేవాళ్లు ప్యాడ్‌ను పాదానికే టేపుతో అంటించుకోవాలి. సరిగ్గా కుదిరితే లేచి నిలబడగానే తేడా తెలుస్తుంది. తెలియకపోతే ఖాళీ చిన్నదై అంచులు నొక్కుతున్నాయేమో, ప్యాడ్ ముందుకు జారిందేమో చూడాలి. రెండో వేలి కింద కొత్త నొప్పి వస్తే మందం తగ్గించాలి. ఫెల్ట్ అణిగిపోతే మార్చేయాలి.

ప్యాడ్ భారం తగ్గిస్తుందే గానీ విరిగిన ఎముకను అతికించదు. కొన్ని వారాలు సాధన తగ్గించి, ప్యాడ్ వాడినా నొప్పి తగ్గకపోయినా, వాపు ఉన్నా, విశ్రాంతిలో కూడా సలుపుతున్నా ఎక్స్‌రే తీయించాలి. అందులో గింజ రెండు ముక్కలుగా కనిపించగానే కంగారుపడొద్దు. కొందరికి పుట్టుకతోనే అది రెండుగా ఉంటుంది. అలాంటి ముక్కల అంచులు నునుపుగా ఉంటాయి, కొత్తగా విరిగితే గరుకుగా కనిపిస్తాయి. ఎక్స్‌రేతో తేలకపోతే డాక్టరు ఎంఆర్‌ఐ రాస్తారు.